ఒకే 22, రెండు అర్థాలు: అంగస్తంభన స్కోరును నెలల తరబడి చదవడం ఎలా

ఇద్దరు మగవాళ్ల చేతుల్లో ఇద్దరు వైద్యులు ఇచ్చిన కాగితాలున్నాయి. రెండింటి మీదా స్కోరు 22. మొదటి వైద్యుడు ‘అంగస్తంభన మామూలుగానే ఉంది’ అన్నాడు. రెండో వైద్యుడు ‘స్వల్పంగా లోపం ఉంది’ అన్నాడు. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ఒక కాగితం మీద ఉన్నవి 25 మార్కులకు వేసిన అయిదు ప్రశ్నలు, మరో దాని మీద ఉన్నవి 30 మార్కులకు వేసిన ఆరు ప్రశ్నలు. నెలనెలా తన పరిస్థితి ఎలా మారుతోందో తెలుసుకోవాలనుకునే మనిషి ఈ తేడా గమనించకుండా ఒక నెల ఈ కాగితం, మరో నెల ఆ కాగితం నింపితే, లేని మెరుగుదలను చూసి సంతోషించడమో, రాని క్షీణతను చూసి బెంగపడటమో ఖాయం.

ఈ రెండు కాగితాలకూ మూలం ఒక్కటే. 1997లో రేమండ్ రోజెన్, ఆయన సహచరులు ‘అంతర్జాతీయ అంగస్తంభన సూచిక’ పేరుతో 15 ప్రశ్నల పత్రాన్ని ప్రచురించారు. వైద్యులు దీన్ని ఐఐఈఎఫ్ అంటారు. సిల్డెనాఫిల్ మాత్ర, అంటే లోకం వయాగ్రాగా ఎరిగిన మందు, అప్పుడు పరీక్షల దశలో ఉంది. మందు పనిచేసిందో లేదో తేల్చాలంటే పడకగదిలో జరిగేదాన్ని అంకెల్లోకి మార్చే సాధనం కావాలి. ఆ అవసరమే ఈ పత్రాన్ని పుట్టించింది. కాబట్టి ఇది మొదటి నుంచీ మార్పును కొలవడానికి తయారైన కొలబద్ద. జబ్బుకు కారణం చెప్పే పరీక్ష మాత్రం కాదు.

పదిహేను ప్రశ్నలూ అయిదు విషయాలను విడదీసి అడుగుతాయి: స్తంభన, భావప్రాప్తి, కోరిక, సంభోగంలో సంతృప్తి, మొత్తం మీద లైంగిక జీవితంపై సంతృప్తి. తెలుగునాట ఈ విడదీయడం ప్రత్యేకంగా పనికొస్తుంది. ఇక్కడ కోరిక తగ్గినా, త్వరగా స్ఖలనమైనా, అంగం గట్టిపడకపోయినా అన్నిటికీ కలిపి ‘నరాల బలహీనత’ అనే ఒకే పేరు పెట్టి చేతులు దులుపుకోవడం అలవాటు. ఊరూరా గోడల మీద కనిపించే ప్రకటనలు బతికేది ఆ ఒక్క మాట మీదే. గట్టిదనంలో ఏ లోపమూ లేక, కేవలం శీఘ్రస్ఖలనంతో బాధపడే మనిషి స్తంభన ప్రశ్నలకు నిజాయితీగా జవాబిస్తే చాలావరకు మంచి మార్కులే వస్తాయి. అతనికి కావలసిన వైద్యం వేరని కాగితమే చూపిస్తుంది.

వీటిలో స్తంభనకు సంబంధించినవి ఆరు: మొదటి అయిదు ప్రశ్నలు, చివరి పదిహేనో ప్రశ్న. గత నాలుగు వారాల్లో లైంగిక చర్య సమయంలో ఎంత తరచుగా స్తంభన వచ్చింది, వచ్చినప్పుడు ప్రవేశానికి సరిపడా గట్టిగా ఎంత తరచుగా ఉంది, ప్రయత్నించినప్పుడు ప్రవేశం ఎంత తరచుగా సాధ్యమైంది, ప్రవేశం తర్వాత ఎంత తరచుగా నిలిచింది, చివరి వరకు నిలపడం ఎంత కష్టమైంది, స్తంభన వస్తుంది, నిలుస్తుంది అన్న నమ్మకం ఎంత ఉంది. ‘దాదాపు ఎప్పుడూ లేదు’ అంటే 1, ‘సగానికి బాగా తక్కువ’ అయితే 2, ‘సుమారు సగం సార్లు’ 3, ‘సగానికి బాగా ఎక్కువ’ 4, ‘దాదాపు ప్రతిసారీ’ 5. కష్టం తగ్గేకొద్దీ, నమ్మకం పెరిగేకొద్దీ ఆ రెండు ప్రశ్నలకూ ఇలాగే 1 నుంచి 5 వరకు. అసలు ప్రయత్నమే జరగకపోతే, నమ్మకం ప్రశ్నకు తప్ప, 0. ఆరూ కలిపితే గరిష్ఠం 30. 26 నుంచి పైన ఉంటే లోపం లేనట్టు, 22–25 స్వల్పం, 17–21 స్వల్పానికీ మధ్యస్థానికీ నడుమ, 11–16 మధ్యస్థం, 10, అంతకంటే తక్కువైతే తీవ్రం.

రెండేళ్ల తర్వాత, 1999లో, అదే బృందం ఓపీలో తొందరగా వాడుకోవడానికి అయిదు ప్రశ్నల పొట్టి పత్రాన్ని తెచ్చింది. దీన్ని ఐఐఈఎఫ్-5 అనీ, షిమ్ అనీ పిలుస్తారు. ఇందులో నమ్మకం, గట్టిదనం, నిలవడం, నిలపడంలో కష్టం అనే నాలుగు పాత ప్రశ్నలు ఉంటాయి. అయిదోది సంభోగం ఎంత తరచుగా తృప్తినిచ్చిందనే ప్రశ్న. మొత్తం 25. ఇక్కడ 22, ఆపైన మామూలు; 21, ఆ కింద లోపం.

అంకెల తేడా కంటే ముఖ్యమైనది కాలవ్యవధిలో ఉన్న తేడా. ఆరు ప్రశ్నల పత్రం నాలుగు వారాల గురించి అడుగుతుంది. పొట్టి పత్రం ఆరు నెలల గురించి అడుగుతుంది. మందు మొదలుపెట్టిన నెలకు పొట్టి పత్రం నింపితే, మనిషి చెప్పాల్సిన ఆరు నెలల్లో అయిదు నెలలు మందుకు ముందువే. పాత నీళ్లలో కొత్త నీళ్లు ఒక చెంబెడు పోసి రుచి చూడమన్నట్టు ఉంటుంది. జవాబిచ్చేవాడు నిజాయితీగా ఆరు నెలలనూ లెక్కలోకి తీసుకుంటే మెరుగుదల కనిపించదు. తెలియకుండానే చివరి నెల గురించి మాత్రమే చెబితే పత్రం నియమం తప్పినట్టు. అందుకే సమస్య ఉందా లేదా అని మొదటిసారి తేల్చుకోవడానికి పొట్టి పత్రం చాలు. నెలల తరబడి గమనించడానికి మాత్రం నాలుగు వారాల ఆరు ప్రశ్నలే సరైనవి. ఇంటర్నెట్‌లో దొరికేవి ఎక్కువగా పొట్టి పత్రాలే. చాలామంది వాటినే నెలనెలా నింపుకుంటారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఎంత మారితే నిజంగా మారినట్టు? 16 నుంచి 17కు వస్తే కాగితం మీద వర్గం మారిపోతుంది, ‘మధ్యస్థం’ పోయి కొంచెం మెరుగైన పేరు వస్తుంది. ఒంట్లో మాత్రం ఏమీ మారి ఉండకపోవచ్చు. రోజెన్ బృందమే 2011లో, సిల్డెనాఫిల్ కోవకే చెందిన తడలఫిల్ మాత్ర పరీక్షల సమాచారాన్ని తిరగేసి, మనిషికి తేడా తెలిసే కనీస మార్పు ఎంతో లెక్కగట్టింది. ఆరు ప్రశ్నల స్కోరులో మొత్తం మీద అది 4 మార్కులు. అయితే మొదట్లో లోపం ఎంత ఎక్కువైతే అంత పెద్ద మార్పు కావాలి: స్వల్పంగా ఉన్నవారికి 2, మధ్యస్థంగా ఉన్నవారికి 5, తీవ్రంగా ఉన్నవారికి 7. ఇది వినడానికి విడ్డూరంగా ఉన్నా కారణం సులువే. 8 నుంచి 11కు ఎదిగినా సంభోగం ఇంకా కుదరదు కనుక ఆ మూడు మార్కులూ ఇంట్లో తేడా చూపవు. 23 నుంచి 25కు వెళ్లినవాడికి మాత్రం ఆ రెండు మార్కులే ‘అప్పుడప్పుడూ తప్పుతోంది’కీ ‘తప్పడం లేదు’కూ మధ్య దూరం. ఈ 2, 4, 5, 7లు 30 మార్కుల పత్రానికి చెందినవని, పొట్టి పత్రానికి అలాగే వర్తించవని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఒక ఊహాజనిత మనిషిని తీసుకుని ఆరు నెలలు లెక్క నడిపించి చూద్దాం. వయసు 48, ఆరేళ్లుగా మధుమేహం. మొదటి నెలలో ఆరుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లు ప్రవేశం కుదిరింది, ఒక్కసారే చివరిదాకా నిలిచింది. ప్రశ్నల వరసలో అతని మార్కులు 3, 2, 3, 2, 3, 2. మొత్తం 15, మధ్యస్థ లోపం. అతని విషయంలో 5 మార్కులు పెరిగితేనే మార్పు అనుకోవాలి, అంటే కనీసం 20 రావాలి.

వైద్యుడు గుండె పరిస్థితి, అతను వాడే ఇతర మందులు చూసి 50 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్ రాశాడు. నెల తర్వాత అయిదు ప్రయత్నాల్లో మూడుసార్లు ప్రవేశం, రెండుసార్లు పూర్తి. మార్కులు 3, 3, 3, 3, 3, 2, మొత్తం 17. వర్గం పేరు మారింది కానీ పెరిగింది రెండే. ఇక్కడ ఆగి ‘మందు పనిచేయలేదు’ అనుకుని మానేసేవాళ్లు చాలామంది. ఇతని దగ్గర స్కోరుతో పాటు రాసుకున్న చిన్న పుస్తకం ఉంది. మాత్ర వేసుకున్న వేళ, తిన్న తిండి అందులో ఉన్నాయి. అయిదింట్లో నాలుగుసార్లు రాత్రి నూనె ఎక్కువున్న భోజనం చేసిన అరగంటకు మాత్ర వేసుకుని వెంటనే పడకెక్కాడు. కొవ్వు ఎక్కువున్న తిండి సిల్డెనాఫిల్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడాన్ని సుమారు గంట ఆలస్యం చేస్తుంది, ఆ స్థాయిని కూడా తగ్గిస్తుంది. పైగా మాత్ర దానంతటదే స్తంభన తెప్పించదు, లైంగిక ఉద్దీపన ఉన్నప్పుడే తోడ్పడుతుంది. పనిచేయనిది మందా, వేసుకున్న పద్ధతా అన్నది స్కోరు ఒక్కటే చెప్పలేదు. పక్కన రాసుకున్న రెండు ముక్కలే చెప్పాయి.

పద్ధతి మార్చాడు. తేలికపాటి తిండి, గంట ముందు మాత్ర. మూడో నెల చివర ఆరు ప్రయత్నాల్లో అయిదుసార్లు ప్రవేశం, నాలుగుసార్లు పూర్తి. మార్కులు 4, 4, 4, 4, 3, 3. మొత్తం 22. మొదటి 15 కంటే 7 ఎక్కువ, అవసరమైన 5 దాటింది. ఇది నిజమైన మార్పు అనడానికి ఆధారం ఉంది.

నాలుగో నెల చూడండి. భార్య కూతురి పురిటికని వెళ్లి నెలంతా అక్కడే ఉంది. సంభోగం లేదు కనుక ప్రవేశం, నిలవడం, నిలపడంలో కష్టం గురించి అడిగే మూడు ప్రశ్నలకూ సున్నాలే. ఈ పత్రం లెక్కలో హస్తప్రయోగమూ లైంగిక చర్యే కనుక మొదటి రెండు ప్రశ్నలకు 4, 4 రాశాడు. నమ్మకానికి 3. మొత్తం 11. కాగితాన్ని నమ్మితే ఇతను ఒక్క నెలలో ‘స్వల్పం’ నుంచి ‘మధ్యస్థం’ అడుగుకు పడిపోయాడు. ఒంట్లో పడిపోయింది ఏమీ లేదు, ఇల్లాలు ఊళ్లో లేదంతే. ఈ పత్రానికున్న అతి పెద్ద లోపం ఇదే: ‘చేయలేకపోయాను’, ‘చేసే అవకాశం రాలేదు’ అనే రెండూ ఒకే మూటలో పడతాయి. భర్త గల్ఫ్‌లో, భార్య ఊళ్లో ఉండే కుటుంబాల్లో, భార్యను పోగొట్టుకున్నవారిలో, మనసు కలవని దంపతుల్లో ఈ సున్నాలు వైద్యుణ్ణి కూడా తప్పుదారి పట్టించగలవు. అలాంటి నెలకు మొత్తం వేయకూడదు. గడి ఖాళీగా వదిలి, పక్కన కారణం రాయాలి. భయంతోనే ప్రయత్నం మానేసిన నెల అయితే ఆ సంగతీ రాయాలి, ఎందుకంటే అది ఖాళీ కాదు, సమస్యలో భాగమే.

అయిదో నెల 23. ఆరో నెలలో ఏడు ప్రయత్నాలు, ఆరు ప్రవేశాలు, అయిదు పూర్తి, స్కోరు 24. ఈ రెండు నెలల మధ్య ఒక మార్కు తేడాకు అర్థం వెతకనక్కరలేదు. ఆసక్తికరమైనది నమ్మకం ప్రశ్న. గట్టిదనం మూడో నెలకే 4కు చేరితే, నమ్మకం 2 నుంచి 3కు, ఆరో నెలకు గాని 4కు రాలేదు. ఒళ్లు ముందు కోలుకుని, మనసు వెనకాలే నడవడం వైద్యులు తరచూ చూసే సంగతే. మొత్తం మార్కులతో పాటు ఆరు జవాబులూ విడివిడిగా దాచుకుంటేనే ఇది కనిపిస్తుంది. గట్టిదనం పెరిగి నమ్మకం నెలల తరబడి 2 దగ్గరే ఆగిపోతే, మాత్ర మోతాదు పెంచడం కంటే మనస్తత్వ నిపుణుడితో మాట్లాడటం ఎక్కువ ఉపయోగపడవచ్చు.

ఈ 24 మాత్రతో వచ్చిన 24 అన్న సంగతి మరువరాదు. మాత్ర లేని రాత్రులను ఇందులో కలిపేస్తే రెండూ చెడతాయి. మందుతో జరిగినవి, మందు లేకుండా జరిగినవి వేర్వేరు గుర్తులతో రాసుకుంటే, మధుమేహం అదుపులోకి వచ్చి సహజ స్తంభన మెరుగుపడుతోందా, మాత్రే అంతా మోస్తోందా అన్నది ఏడాదికైనా తెలుస్తుంది.

అసలు ప్రయత్నాల సంఖ్య ఎందుకు రాయాలన్న ప్రశ్న రావచ్చు. నెలకు రెండుసార్లే కలిసే దంపతుల్లో ఒక్క రాత్రి తప్పితే ‘దాదాపు ప్రతిసారీ’ అన్న జవాబు ‘సగం సార్లు’ అవుతుంది. అది ఒక్కో ప్రశ్నకు రెండు మార్కులు. నాలుగు ప్రశ్నల్లో కలిపి ఎనిమిది పడిపోవచ్చు. ఆ రాత్రి జ్వరమో, పెళ్లి పనుల అలసటో, రెండు పెగ్గుల మద్యమో కారణం కావచ్చు. తక్కువసార్లు కలిసేవారు ఒక్కో నెల స్కోరును పట్టించుకోకుండా మూడు నెలల ప్రయత్నాలను కలిపి ఎన్నింట్లో ఎన్ని అని చూడటం మేలు. ఔషధ పరీక్షల్లో కూడా పత్రంతో పాటు ప్రతి ప్రయత్నం తర్వాత డైరీ రాయిస్తారు. అందులో ముఖ్యమైన ప్రశ్నలు రెండు: ప్రవేశం కుదిరిందా? సంభోగం సఫలమయ్యేంత సేపు నిలిచిందా? అవును, కాదు అంతే. మరుసటి రోజులోపే రాయాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే చివరి వైఫల్యం నెలంతటినీ మింగేస్తుంది.

ఆ డైరీలోనే ఒక అంకె చేర్చుకోవచ్చు. గట్టిదనానికి 0 నుంచి 4 వరకు ఒక వరస ఉంది. పెద్దదవకపోతే 0. పెద్దదై గట్టిపడకపోతే 1. గట్టిపడినా ప్రవేశానికి చాలకపోతే 2. ప్రవేశానికి చాలినా పూర్తిగా గట్టిగా లేకపోతే 3. పూర్తిగా గట్టిపడితే 4. విదేశాల్లో వైద్యులు దీన్ని టోఫు, ఒలిచిన అరటిపండు, ఒలవని అరటిపండు, దోసకాయ అని పోల్చి చెబుతారు. తెలుగు రోగికి చెప్పేటప్పుడు టోఫు బదులు పన్నీరు అనాలి, దోసకాయ అనకుండా కీరా అనాలి. మనకు దోసకాయ అంటే పప్పులో వేసే గుండ్రటి పసుపు కాయ. ఆ పోలికతో పాపం రోగి ఇంకా కంగారు పడతాడు. ఈ అంకె సంభోగం మీద ఆధారపడదు కనుక భార్య ఊళ్లో లేని నెలలోనూ, పెళ్లికాని యువకుడికీ, ప్రవేశంతో ముడిపడని సంబంధాల్లో ఉన్నవారికీ పనికొస్తుంది. పెద్ద పత్రం స్త్రీతో సంభోగాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. దానిలోని ప్రశ్నలు అందరి జీవితానికీ అతకవు.

ఉదయం మెలకువ వచ్చేసరికి స్తంభన ఉందా లేదా అన్నది ఈ పత్రాల్లో లేదు, కానీ వారానికి ఎన్ని రోజులో రాసుకోవడం తేలిక. ఆరోగ్యవంతుడికి నిద్రలో, ముఖ్యంగా కలలొచ్చే దశల్లో, రాత్రికి మూడు నుంచి అయిదుసార్లు స్తంభన కలుగుతుంది. ఒకే 15 స్కోరున్న ఇద్దరిలో ఒకడు 28 ఏళ్లవాడు, ఉదయం బాగానే ఉంటుంది, సమస్య హఠాత్తుగా మొదలైంది. మరొకడు 50 దాటినవాడు, ఉదయం స్తంభన ఏడాదిగా మెల్లగా కనుమరుగైంది. మొదటివాడిలో ఆందోళన వైపు, రెండోవాడిలో రక్తనాళాల వైపు వైద్యుడి ఆలోచన పోతుంది. అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాల కంటే సన్ననివి. పూడిక అక్కడ ముందుగా తెలిసి, గుండె లక్షణాలు కొన్నేళ్లకు బయటపడటం ఉంది. అందుకే రెండోవాడికి చక్కెర, కొవ్వులు, రక్తపోటు, ఉదయం పూట టెస్టోస్టిరాన్ పరీక్షలు స్కోరు కంటే ముందు కావాలి. ఛాతీనొప్పికి నైట్రేట్లు వాడేవారు ఈ మాత్రల జోలికే వెళ్లకూడదు; ఆ రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. నాలుగు గంటలకు మించి తగ్గని స్తంభనను డైరీలో రాసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గమనికలో మరో చిక్కు మొదటి స్కోరులోనే ఉంది. మనిషి వైద్యుడి దగ్గరకు వెళ్లేది సాధారణంగా తన అతి చెడ్డ నెలలో. ఏ వైద్యమూ లేకపోయినా తర్వాతి నెల కొంచెం మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. ఆ కాస్త మెరుగుదలను చూర్ణాలవాళ్లూ, లాడ్జీల్లో మకాం పెట్టే ‘నిపుణులూ’ తమ ఖాతాలో వేసుకుంటారు. వీలైతే వైద్యం మొదలుకాకముందే రెండు నెలల స్కోర్లు ఉంటే ఆ మోసానికి చోటు తగ్గుతుంది.

మందు లేకుండా బరువు, వ్యాయామాల మీద ఆధారపడేవారు ఎంతకాలం చూడాలో తెలియడానికి ఇటలీలో జరిగిన ఒక పరీక్ష పనికొస్తుంది. కేథరీన్ ఎస్పోజిటో బృందం 2004లో దాన్ని ప్రచురించింది. 35–55 ఏళ్ల మధ్య వయసు, ఊబకాయం, అంగస్తంభన లోపం ఉన్న 110 మందిని రెండు సమాన జట్లు చేశారు. ఒక జట్టుకు శరీర బరువులో పదో వంతు లేదా అంతకంటే ఎక్కువ తగ్గేలా ఆహారం, వ్యాయామం దగ్గరుండి నేర్పారు. మరో జట్టుకు సాధారణ సలహాలు చెప్పి వదిలేశారు. రెండేళ్ల తర్వాత 25 మార్కుల పొట్టి పత్రం మీద మొదటి జట్టు సగటు 13.9 నుంచి 17కు పెరిగింది. రెండో జట్టు 13.5 దగ్గర మొదలై 13.6 దగ్గర ఆగింది. సగటు మూడు మార్కులంటే తేలికగా కనిపిస్తుంది. విడివిడిగా చూస్తే మొదటి జట్టులో 55 మందిలో 17 మంది 22కు గానీ ఆపైకి గానీ చేరి మామూలు స్థితికి వచ్చారు, రెండో జట్టులో ముగ్గురే వచ్చారు. అంటే కొందరికి చాలా మేలు జరిగింది, మరెందరికో పెద్దగా జరగలేదు. తాను ఎవరిలో ఉన్నాడో ఆ సగటు చెప్పదు, తన కాగితమే చెప్పాలి. పట్టిన కాలం రెండేళ్లు కనుక, ఈ దారిలో ఉన్నవాడు మూడో నెల స్కోరు కదలలేదని నిరాశపడటానికి ఆధారం లేదు.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్నవారి గడియారం ఇంకా నెమ్మది. నరాలను కాపాడుతూ చేసిన ఆపరేషన్ తర్వాత కూడా కోలుకోవడం ఏడాదిన్నర, రెండేళ్ల దాకా సాగవచ్చు. వీరు పోల్చుకోవాల్సింది ఆపరేషన్‌కు ముందు నింపిన పత్రంతో. చాలామంది దగ్గర ఆ పత్రమే ఉండదు. క్యాన్సర్ అన్న మాట విన్న వారంలో అంగస్తంభన గురించి ఎవరూ అడగరు, చెప్పరు. ఆ వారంలో యూరాలజిస్టును ఆ ఆరు ప్రశ్నల కాగితం అడిగి నింపుకోవడానికి పట్టేది అయిదు నిమిషాలు.